వాదులాట పోగొట్టొద్దు

సముఖము వేంకటకృష్ణప్ప నాయకుడు మధుర నాయకరాజుల కాలపు కవి. ఆయన 'అహల్యాసంక్రందనము' మీద మన క్లాసులో జరిగిన చర్చ రాసి చూస్తే పన్నెండు పేజీలైంది. గ్రూపు రివిజన్‌కి దాన్ని సారాంశం చేయొద్దు, ప్రశ్నలుగా మారుద్దాం అంటాను. సారాంశంలో ముందు పోయేది మన వాదులాటే.

మాట తెగని చోట్ల గీత గీయండి. పేర్లు తీసేసి, రెండు వైపుల మాటలూ ఉంచండి. "అహల్యది తప్పా?" అని అడిగితే అవును, కాదు దగ్గరే ఆగిపోతాం. "పెళ్లికి ముందే ఆమె మనసు ఇంద్రుడి మీద ఉందని కవి రాశాడు. దాంతో గౌతముడి శాపం మీకెలా కనిపిస్తోంది? ఏ పద్యం ఆధారం?" అంటే పుస్తకం తెరవాల్సిందే.

ముందు ఇద్దరికిచ్చి చూడండి. పుస్తకం ముట్టకుండా ఇద్దరూ ఒకే జవాబు చెబితే ప్రశ్న మార్చాలి. గ్రూపుకి మూడు చాలు. కవి, కాలం, ఛందస్సు మాత్రం మామూలుగా చదువుకోవాల్సినవే.