సముద్రం వైపు నుంచి ఆర్డర్లు రావు

డార్క్ స్టోర్ పెడదామనుకునేవారు మొదట అడిగేది అద్దె గురించే. పుదుచ్చేరి ఉప్పళంలో హార్బర్ వైపు వెళితే గోడౌన్లు చవగ్గా దొరకవచ్చు, అంబేద్కర్ సాలై లాంటి రోడ్ల మీద ఎక్కువ అడుగుతారు. చవక చోటే లాభమని ఎవరికైనా తోస్తుంది. కానీ పది, పదిహేను నిమిషాల్లో సరుకు ఇంటికి చేర్చే వ్యాపారంలో ఆ చవక అద్దె చాలా ఖరీదు పడుతుంది. అదెలాగో చిన్న లెక్క వేసి చూద్దాం. ఇందులోని అంకెలు ఏ కంపెనీ పుస్తకాల్లోవీ కావు. ఇలాంటి ఊరికి సరిపోతాయని నేను వేసుకున్న అంచనాలు.

రెండున్నర వేల చదరపు అడుగుల స్టోర్ అనుకోండి. జనం లోపలికి వచ్చే దుకాణం కాదు కాబట్టి గాజు తలుపులు, దీపాల అలంకరణ అక్కర్లేదు. రాకులు, ఫ్రీజర్లు, పాలకూ కూరగాయలకూ ఒక చల్లని గది ఉంటే చాలు. చదరపు అడుగుకు రూ.40 చొప్పున నెలకు లక్ష అద్దె. కరెంటు, ఇంటర్నెట్, మరమ్మతులకు ఇంకో లక్ష. రెండు షిఫ్టుల్లో సరుకు తీసేవాళ్లు, సర్దేవాళ్లు, ఇన్‌చార్జులు, వాచ్‌మన్ కలిసి 18 మంది, వాళ్ల జీతాలు రూ.3 లక్షలు. ఒక్క ఆర్డరూ రాకపోయినా నెలకు రూ.5 లక్షలు కట్టి తీరాల్సిందే.

ఇక ఒక్క ఆర్డరు సంగతి. డిస్కౌంట్లు పోగా సగటు బిల్లు రూ.450. ఈ అంకె తక్కువగా అనిపించవచ్చు. 2025 జనవరి–మార్చి త్రైమాసికంలో బ్లింకిట్ చెప్పిన సగటు ఆర్డరు విలువ రూ.665. అయితే ఆ అంకె ఎమ్మార్పీ మీద కట్టింది, గల్లాపెట్టెలో నిజంగా పడేది అంతకన్నా తక్కువ. పైగా అందులో మహానగరాల వాటా పెద్దది. రూ.450లో సరుకు మీద మార్జిన్, బ్రాండ్ల ప్రకటనల ఆదాయం కలిపి 20 శాతం, అంటే రూ.90. డెలివరీ ఛార్జీ కొందరు కడతారు, కొందరికి మాఫీ అవుతుంది, సగటున రూ.15 అనుకుందాం. మొత్తం రూ.105 వచ్చింది.

ఇందులోంచి రైడర్‌కు రూ.40, పెద్ద గోడౌన్ నుంచి స్టోర్‌కు సరుకు తెచ్చిన రవాణాకు రూ.13, వేస్టేజీకి రూ.9, పేమెంట్ ఛార్జీలకు రూ.6, సంచికి రూ.5, రీఫండ్లకు రూ.5 పోతాయి. చేతిలో మిగిలేది రూ.27. రూ.5 లక్షలను ఈ రూ.27తో భాగిస్తే నెలకు పద్దెనిమిదిన్నర వేల ఆర్డర్లు, రోజుకు సుమారు 617. అక్కడికి లాభమూ లేదు, నష్టమూ లేదు. ఒక్కో ఇల్లు నెలకు నాలుగుసార్లు ఆర్డరు పెడుతుందనుకుంటే దాదాపు 4,600 ఇళ్లు కావాలి.

ఇప్పుడు ఒక్కో అంకెనూ కదిపి చూడండి. అద్దె లక్ష నుంచి లక్షన్నరకు పెరిగితే రోజుకు 617 బదులు 679 ఆర్డర్లు కావాలి. భారమే కానీ మోయగలిగిన భారం. అదే రైడర్ ఖర్చు రూ.40 నుంచి రూ.50కి పెరిగితే మిగులు రూ.17కు పడిపోతుంది, కావాల్సిన ఆర్డర్లు 980కి ఎగబాకుతాయి. అద్దె సగం పెరిగినా తట్టుకునే స్టోర్ పది రూపాయల దగ్గర బోల్తా పడుతుంది. అద్దె నెలకు ఒక్కసారి కట్టేది, ఈ పది రూపాయలు ప్రతి ఆర్డరు మీదా పోయేవి. మిగులు సన్నగా ఉన్నప్పుడు చిల్లరే కొంప ముంచుతుంది.

ఆ పది రూపాయలు ఎక్కడ పెరుగుతాయి? రైడర్‌కు గంటకు రూ.100 అయినా గిట్టకపోతే వేరే యాప్‌కు పోతాడు. గంటకు రెండున్నర ఆర్డర్లు ఇవ్వగలిగితే ఒక్కోదానికి రూ.40 పడుతుంది, రెండే ఇవ్వగలిగితే రూ.50. ఆ అర ఆర్డరు తేడా దూరంలో పోతుంది, స్టోర్ బయట బండి మీద కూర్చుని ఫోన్ చూసుకుంటూ గడిపే సమయంలో పోతుంది.

ఉప్పళం భూగోళం ఇక్కడే అడ్డం తిరుగుతుంది. స్టోర్ చుట్టూ రెండు కిలోమీటర్ల వలయం గీస్తే సుమారు పన్నెండున్నర చదరపు కిలోమీటర్లు. స్టోర్ తీరాన్ని ఆనుకుని ఉంటే అందులో సగం బంగాళాఖాతమే. పోయిన విస్తీర్ణాన్ని రాబట్టాలంటే వలయాన్ని 2.8 కిలోమీటర్లకు పెంచాలి. అదీ మ్యాపు మీద దూరం. దక్షిణాన అరియాంకుప్పం నది ముఖద్వారం, ఉత్తరాన రైల్వే స్టేషన్ ఉన్న చోట రోడ్డు దూరం ఇంకా పెరుగుతుంది. వలయం పెరిగితే ట్రిప్పు పొడవవుతుంది, రైడర్ గంటకు రెండు ఆర్డర్ల దగ్గర ఆగిపోతాడు. అదే స్టోర్‌ను తీరం నుంచి కిలోమీటరు లోపలికి, మొదలియార్‌పేట వైపు జరిపితే రెండు కిలోమీటర్ల వలయంలో సముద్రం తినేది అయిదో వంతే. హార్బర్ దగ్గర రూ.60 వేల అద్దెకు దొరికి రైడర్ ఖర్చు రూ.50 పడే స్టోర్‌కు రోజుకు సుమారు 900 ఆర్డర్లు కావాలి. లోపల లక్షన్నర అద్దె కట్టి రైడర్ ఖర్చు రూ.40 దగ్గర ఆపగలిగితే 680 చాలు. విశాఖ బీచ్ రోడ్డు పక్కన స్టోర్ వెతికేవారికీ ఇదే లెక్క.

వైట్ టౌన్ పర్యాటకులు ఉన్నారు కదా అంటారు. ఉన్నారు, కానీ ఎక్కువగా వారాంతాల్లోనే. వాళ్లకు కావాల్సింది నీళ్ల సీసాలు, చిప్స్, సోడా. (పుదుచ్చేరికి పేరు తెచ్చిన సరుకు ఈ రాకుల్లో ఉండదు.) పైగా సాయంత్రం ఆరు దాటితే అక్కడి బీచ్ రోడ్డులో వాహనాలు నిషేధం. శనివారం రద్దీని చూసి మనుషుల్ని పెంచుకుంటే మంగళవారం వాళ్లకు పని ఉండదు.

వేస్టేజీ మోసం చేసే అంకె. సగటు రెండు శాతమే అయినా అది అన్ని రాకుల్లో సమానంగా ఉండదు. అమ్మకాల్లో కూరగాయల వాటా 15 శాతం, అందులో 8 శాతం పారేయాల్సి వస్తే మొత్తం వేస్టేజీలో సగానికి పైగా అక్కడిదే. రోజుకు పది కొత్తిమీర కట్టలు అమ్ముడయ్యే స్టోర్‌లో ఒక రోజు ఏడు, మరో రోజు పదమూడు పోతాయి. పదమూడు తెప్పిస్తే సాయంత్రానికి కొన్ని వాడిపోతాయి, ఏడు తెప్పిస్తే ‘స్టాక్ లేదు’ అని కనబడుతుంది, ఆ ఇల్లాలు మొత్తం బిల్లునే ఇంకో యాప్‌కు పట్టుకుపోతుంది. రోజుకు వంద కట్టలు అమ్మే చోట ఈ ఊగిసలాట అంత ఉండదు. అందుకే కొత్త స్టోర్‌లో, చిన్న స్టోర్‌లో వేస్టేజీ ఎప్పుడూ ఎక్కువే. అది రెండు నుంచి నాలుగు శాతానికి చేరితే కావాల్సిన ఆర్డర్లు 926. దీన్ని పట్టుకోవాలంటే రాత్రి షిఫ్టు రాకులో ఉన్న సరుకును లెక్కపెట్టి సిస్టమ్ అంకెతో పోల్చాలి. చెత్తబుట్టలో పడింది నమోదవుతుంది. పగిలింది, పోయింది, ఒకటికి బదులు ఇంకోటి సంచిలో వేసింది ఆ తేడాలోనే బయటపడతాయి. పాలది ఇంకో సంగతి. వీధి వీధినా పాన్‌లైట్ బూత్ ఉన్న ఊళ్లో పాల ప్యాకెట్ ఒక్కటే ఆర్డరుగా వస్తే అది నష్టమే.

వాననూ లెక్కలో ఉంచాలి. 2024 నవంబర్ 30న ఫెంగల్ తుపాను పుదుచ్చేరిపై ఒక్క రోజులో 46 సెంటీమీటర్లకు పైగా వాన కురిపించింది. పల్లపు గోడౌన్‌లో కింది రాకు తడిసినా, కరెంటు పోయి ఫ్రీజర్లు ఆగినా ఆ నెల మిగులు అంతటితో సరి.

చివరగా, రైడర్లకు భద్రత కల్పిస్తే ఈ వ్యాపారం నిలవదనే వాదన సంగతి. 2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చిన సామాజిక భద్రత కోడ్ ప్రకారం కంపెనీలు టర్నోవర్‌లో ఒకటి నుంచి రెండు శాతం గిగ్ కార్మికుల నిధికి ఇవ్వాలి. అయితే అది వాళ్లకు చెల్లించే మొత్తంలో 5 శాతం మించకూడదు. రూ.40లో 5 శాతమంటే రెండు రూపాయలు. మిగులు రూ.25 అవుతుంది, రోజుకు 667 ఆర్డర్లు కావాలి. లక్షన్నర అద్దె భారం కన్నా ఇది తక్కువ. ఆ యాభై ఆర్డర్లు అదనంగా తెచ్చుకోలేని స్టోర్ ఈ నిధి వల్ల మూతపడిందని ఎవరైనా చెబితే నమ్మకండి, దాన్ని ఎక్కడ పెట్టారో అడగండి.