అనుభవం ఎక్కువైతే అనుమానమూ ఎక్కువే

‘మీ అనుభవానికి ఇది చిన్న పోస్టు కదా!’ అని ఇంటర్వ్యూలో అంటే అది మెచ్చుకోలు కాదు, అనుమానం. చాలామంది అక్కడ నవ్వి ఊరుకుని, రాత్రికి ‘అవకాశమిస్తే కష్టపడి పనిచేస్తా’ అని మెయిల్ పెడతారు. కష్టపడతారా అని ఇంటర్వ్యూ చేసినవాళ్లు అడగనే లేదు.

కంపెనీకి ఉండే అసలు భయాలు మూడు: మంచి ఆఫర్ రాగానే వెళ్లిపోతారని, జీతం దగ్గర పేచీ వస్తుందని, తమకన్నా చిన్నవాడైన లీడ్ మాట వినరని. మొదటిదే పెద్దది. ఐటీలో 90 రోజుల నోటీసు మామూలే. మనిషి వెళ్లిపోతే, కొత్తగా ఎంపికైన వ్యక్తి పాత కంపెనీ నుంచి బయటపడేదాకా ఆ కుర్చీ ఖాళీయే. వాళ్లకున్న భయం ఏదో ప్రశ్నలోనే తెలుస్తుంది. ప్రస్తుత జీతం రెండుసార్లు అడిగితే డబ్బు. రెండేళ్ల తర్వాత సంగతి అడిగితే నిలకడ. మెయిల్ ఆ ఒక్కదానికే జవాబు కావాలి.

హైదరాబాద్‌లో 14 ఏళ్ల అనుభవమున్న డెలివరీ మేనేజర్ సీనియర్ డెవలపర్ పోస్టుకు వెళ్లారనుకుందాం. ‘ఏడాదిలో మేనేజర్ పోస్టు అడగరా?’ అన్నారు. మర్నాడు ఆయన ఇలా రాయొచ్చు: ‘నిన్నటి మీ ప్రశ్నకు సూటిగా చెబుతాను. మూడేళ్లుగా నా రోజంతా మీటింగులకూ అప్రైజళ్లకూనే పోతోంది. మొన్న పేమెంట్స్ మాడ్యూల్‌లో లోపం వస్తే నేనే కూర్చుని సరిచేశాను. నేను చేయాలనుకునేది ఆ పనే. మీరు చెప్పిన జీతం పరిధి నాకు సమ్మతమే. కోడింగ్ పరీక్ష పెట్టండి, మీ టీమ్ లీడ్‌తోనూ మాట్లాడించండి.’

ఇందులో బతిమాలడం లేదు, సరిచూసుకోదగ్గ విషయాలున్నాయి. ‘ఎంతిచ్చినా పర్వాలేదు’ అని ఉంటే అనుమానం ఇంకా బలపడేది. ఎంతకైనా వచ్చేవాడు ఇంకాస్త ఎక్కువ ఇస్తే వెళ్లిపోతాడనే అనుకుంటారు.

అనుభవాన్ని దాచడం అంతకన్నా ప్రమాదం. డిగ్రీ ఉన్నవారు అనర్హులని నోటిఫికేషన్‌లో చెప్పిన ప్యూన్ పోస్టుకు, డిగ్రీ సంగతి దాచి ఎంపికైన అభ్యర్థి విషయంలో సుప్రీంకోర్టు 2020లో పంజాబ్ నేషనల్ బ్యాంకు పక్షానే తీర్పు చెప్పింది. ప్రైవేటులో అలాంటి నిబంధన ఉండకపోవచ్చు. కానీ రెజ్యూమెలో కొన్నేళ్లు ఎగరగొడితే పీఎఫ్ ఖాతాలోని సర్వీసు చరిత్ర పట్టిస్తుంది.

అన్ని తిరస్కారాలనూ మెయిల్ మార్చలేదు. కొన్నిచోట్ల ‘అనుభవం ఎక్కువ’ అనేది వయసు గురించో బడ్జెట్ గురించో పైకి అనలేక చెప్పే మాట. జవాబు రాకుంటే వారం తర్వాత ఒక్కసారి గుర్తుచేసి వదిలేయాలి.

మెయిల్ రాసే ముందు మాత్రం తనను తాను ఒకటి అడగాలి: ఆర్నెల్లలో పాత స్థాయి ఉద్యోగం వస్తే వెళ్లిపోతానా? అవుననిపిస్తే కంపెనీ అనుమానం సరైనదే. అప్పుడు పర్మనెంట్ పోస్టు కోసం మాటలు పేర్చడం కన్నా, ఆ ఆర్నెల్లకే కాంట్రాక్టు పని ఉందా అని అడగడం ఇద్దరికీ మేలు.