90 డాలర్లకు ఎన్ని రూపాయలు?

మొన్న బోథ్ నుంచి మా చిన్నమ్మ బిడ్డ ఫోన్ చేసింది. అమెరికాలో ఎంఎస్ కోసం ఒక యూనివర్సిటీకి అప్లై చేసింది. ఫీజు 90 డాలర్లు. శుక్రవారం రాత్రి వాళ్ల బాపు వీసా క్రెడిట్ కార్డుతో కట్టేసింది. వెంటనే 7,560 రూపాయలని మెసేజ్ వచ్చింది. లెక్క సరిపోయింది, ఆ రోజు డాలర్ 84 రూపాయలు.

"అన్నా, మంగళవారం చూస్తే 7,928 రూపాయల 46 పైసలు పడ్డది. డాలర్‌కు 88 రూపాయలు లెక్కేసిండ్రు! బ్యాంకోళ్లు మోసం చేసిండ్రా? బాపు నన్నే అంటుండు, ఇంకేదో కొన్నవని."

మోసం కాదు. శుక్రవారం రాత్రి అసలు పైసలు కదలనే లేదు. యూనివర్సిటీ తరఫు బ్యాంకు వీసా నెట్‌వర్క్ ద్వారా మన బ్యాంకును ఒకే మాట అడిగింది: ఈ కార్డు మీద 90 డాలర్లకు సరిపడా లిమిట్ ఉందా? ఉందని చెప్పి మన బ్యాంకు ఆ మేరకు పక్కన పెట్టింది. ఇదే ఆథరైజేషన్. మెసేజ్‌లో వచ్చిన 7,560 ఆ పక్కన పెట్టిన అంకె, ఒక అంచనా మాత్రమే.

పైసలు అడగడం తర్వాతి పని. అమ్మినవాళ్లు ఆ రోజు అమ్మకాలన్నీ మూటగట్టి తమ బ్యాంకుకు పంపుతారు. కొందరు ఆ రాత్రే పంపుతారు, వస్తువులు అమ్మేవాళ్లలో కొందరు పార్సిల్ కదిలాకే పంపుతారు. హోటల్ అయితే గది ఖాళీ చేసేదాకా ఆగొచ్చు. అక్కడి బ్యాంకు దాన్ని వీసాకు పంపుతుంది, వీసా తన దగ్గర ప్రాసెస్ అయిన రోజు రేటుతో రూపాయల్లోకి మార్చి మన బ్యాంకుకు ఇస్తుంది. మధ్యలో శని, ఆదివారాలు వస్తే ఇంకాస్త ఆలస్యం. మనం కొన్న రోజు రేటు ఎందుకు వేయరంటే, ఆ రోజుకు బిల్లు ఖాయం కాలేదు. అమ్మినవాడు తక్కువకే అడగొచ్చు, అసలు అడగకపోవచ్చు కూడా.

మా చెల్లె కట్టింది ప్రాసెస్ అయిన రోజు రేటు 84.60. అంటే 90 డాలర్లకు 7,614 రూపాయలు. రేటు మారినందుకు పెరిగింది 54 రూపాయలే! రూపాయి బలపడి ఉంటే ఆ 54 మనకే మిగిలేవి.

మరి మిగతా 314 రూపాయలు ఎక్కడివి? అసలు సంగతి ఇక్కడుంది. విదేశీ కరెన్సీలో కొంటే బ్యాంకు మార్కప్ వేస్తుంది. వాళ్ల కార్డుకు అది 3.5 శాతం. 7,614 మీద 266 రూపాయల 49 పైసలు. ఆ మార్కప్ మీద 18 శాతం జీఎస్టీ, 47 రూపాయల 97 పైసలు. కొన్ని బ్యాంకులు దీన్ని స్టేట్‌మెంట్‌లో వేరే లైన్‌గా చూపిస్తాయి, కొన్ని ఒకే మొత్తంలో కలిపేస్తాయి. కలిపేసినప్పుడే డాలర్ 88 అయినట్టు కనిపించి గుండె గుభేలుమంటుంది.

మీకూ ఇలాగే జరిగితే స్టేట్‌మెంట్‌లో కొన్న తేదీ కాకుండా పోస్టింగ్ తేదీ చూడండి. వీసా వెబ్‌సైట్‌లో కరెన్సీ కాలిక్యులేటర్ ఉంది. బ్యాంకు ఫీజు దగ్గర సున్నా పెట్టి, పోస్టింగ్ తేదీ, దానికి ఒకటి రెండు రోజుల ముందు తేదీలు వేసి చూస్తే ఆ రేటు దొరుకుతుంది. దానికి మీ కార్డు మార్కప్, జీఎస్టీ కలిపాక కూడా లెక్క కుదరకపోతే అప్పుడు బ్యాంకును అడగాలి.

రేటు మారే బాధ లేదని కొన్ని సైట్లు "రూపాయల్లో కట్టండి" అంటాయి. మారదు నిజమే, కానీ ఆ రేటులోనే వాళ్ల లాభం కలిపి ఉంటుంది. పైగా విదేశీ వ్యాపారికి కట్టినందుకు మన బ్యాంకు వేరే ఫీజు వేయొచ్చు కూడా. నేనైతే డాలర్లే నొక్కుతా. వాపసు వచ్చినా ఇదే కథ. 90 డాలర్లు తిరిగొస్తాయి గానీ వాపసు ప్రాసెస్ అయిన రోజు రేటుతో, మార్కప్ మాత్రం చాలాసార్లు తిరిగి రాదు.

అన్నీ విన్నాక మా చెల్లె అడిగింది, "ఇంకా నాలుగు యూనివర్సిటీలున్నయి. ఎంత పెట్టుకోవాలె?"

అన్నింటికీ 90 డాలర్లే అంటే, ఒక్కోదానికి 84 చొప్పున 7,560, మార్కప్, జీఎస్టీ కలిపి 7,872. రేటు కాస్త అటూఇటూ అయినా సరిపోయేలా 8 వేలు పెట్టుకొమ్మన్నా. "బాపుకు 32 వేలని ముందే చెప్పు" అన్నా.

"నువ్వే చెప్పన్నా" అని ఫోన్ ఆయన చేతికిచ్చింది.