తెల్లసొన నురుగు నిలవాలంటే

కోడిగుడ్డు తెల్లసొనను నురుగు వచ్చేదాకా గిలక్కొట్టి, పంచదార కలిపి, సన్నని సెగన ఆరబెడితే మెరింగ్ అనే తెల్లని మిఠాయి అవుతుంది. పైన పెళుసుగా ఉంటుంది, నాలుక మీద పెట్టుకోగానే కరిగిపోతుంది. దీన్ని చేయబోయినవారు నాకు రాసే ఉత్తరాలలో ఫిర్యాదు ఇంచుమించు ఒక్కటే. "నురుగు చక్కగా లేచిందండీ. ఇంకాస్త గట్టిపడుతుంది కదా అని మరో రెండు నిమిషాలు కొట్టాను. అంతే, విరిగిన పాలలాగా పలుకులు కట్టింది. గిన్నె అడుగున నీళ్లు తేలాయి" అని. దానికి తోకగా మరో ప్రశ్న కూడా ఉంటుంది. ఒక పుస్తకం క్రీం ఆఫ్ టార్టార్ వెయ్యమంటుంది, ఇంకొకటి నిమ్మరసం పిండమంటుంది, మరొకటి రాగిగిన్నెలో కొట్టమంటుంది. ఇందులో ఏది నమ్మాలి? మూడూ కావాలా?

మూడింటిలో ఏదో ఒక్కటి చాలు. ఎందుకో తెలియాలంటే ముందు నురుగు సంగతి చూడాలి.

తెల్లసొనలో పదింట తొమ్మిది వంతులు నీరే. మిగిలినదాంట్లో ముఖ్యమైనవి మాంసకృత్తులు. అవి దారపు ఉండల్లాగా చుట్టుకుని ఉంటాయి. కవ్వంతో కొట్టినప్పుడు ఆ ఉండలు విడి, గాలిబుడగల చుట్టూ పరుచుకుని, ఒకదాని చెయ్యి ఒకటి పట్టుకుంటాయి. ఆ పట్టే బుడగను నిలబెడుతుంది. కాని మనం ఆపకుండా కొడుతూ పోతే ఆ చేతులు మరీ బిగుసుకుంటాయి. తడిబట్టను మెలిపెట్టి పిండినట్లు, మధ్యనున్న నీటిని బయటికి నెట్టేస్తాయి. గిన్నె అడుగున తేలిన నీళ్లు అవే!

ఈ పట్టులన్నిటిలోకి గట్టిది గంధకానికీ గంధకానికీ మధ్య పడే ముడి. కుళ్లిన గుడ్డు వాసనకు కారణమైన గంధకమే ఇది. మామూలుగా ఈ గంధకం నెత్తిన ఉదజని అణువొకటి టోపీలా కూర్చుని ఉంటుంది. ఆ టోపీ ఊడితేనే ముడి సులువుగా పడుతుంది. అసలు చిక్కు ఇక్కడే ఉంది. మనం తినే పదార్థాలలో చాలా భాగం ఎంతో కొంత పుల్లనివే గాని, తెల్లసొన మాత్రం క్షారగుణం కలది. గుడ్డు నిలవ ఉన్నకొద్దీ బొగ్గుపులుసు వాయువు పెంకు గుండా బయటికి పోయి, ఆ గుణం ఇంకా పెరుగుతుంది. క్షారంలో టోపీ త్వరగా ఊడుతుంది. పులుపు తగిలితే ఊడకుండా నిలుస్తుంది. నిమ్మరసం చేసే పని అదే, క్రీం ఆఫ్ టార్టార్ చేసే పనీ అదే.

క్రీం ఆఫ్ టార్టార్ అంటే ఏ మీగడో అనుకోకండి. ద్రాక్షసారా పులిసే పీపాల గోడలకు గట్టిగా పేరుకునే పొరను శుద్ధిచేసి తీసిన తెల్లని పొడి అది. మన చింతపండు పులుపుకు మూలమైన టార్టారిక్ ఆమ్లం నుంచి వచ్చిన లవణమే! అందుకని చింతపులుసు పోసేరు సుమా, రంగూ రుచీ రెండూ చెడతాయి. ఆ పొడి దొరక్కపోతే వంటసోడా వెయ్యవచ్చునా అని కొందరు అడుగుతారు. వెయ్యకూడదు. సోడా క్షారం కనుక, మనం చెయ్యదలచినదానికి సరిగ్గా ఎదురు పని చేస్తుంది.

ఇక రాగిగిన్నె. ఫ్రెంచి మిఠాయి వంటవాళ్లు దీన్ని రెండు వందల ఏళ్లకు పైగా వాడుతున్నారు. 1984లో హెరాల్డ్ మెక్‌గీ మరిద్దరు శాస్త్రజ్ఞులతో కలిసి దీని కారణం వెతికి, నేచర్ పత్రికలో ప్రకటించాడు. తెల్లసొనలో లోహాలను పట్టుకునే మాంసకృత్తు ఒకటుంది, రాగి దానితో కలిసి నురుగును నిలుపుతున్నదని అప్పుడు ఆయన ఊహ. తర్వాత వెండిపూత గిన్నెలో కొట్టి చూస్తే నురుగు అలాగే నిలిచింది. ఆ మాంసకృత్తు వెండిని పట్టుకోదు. దానితో ఆయన తన మాట మార్చుకున్నాడు. గుడ్డు తగిలితే వెండిచెంచా నల్లబడడం మనకు తెలిసినదే. వెండికి గంధకమంటే అంత ఇష్టం. రాగికీ అంతే. గిన్నెనుంచి ఊడివచ్చిన రవ్వంత రాగి ఆ గంధకాన్ని ముందే పట్టుకుని, ముడి పడనివ్వదు. పులుపు టోపీని కాపాడితే, రాగి ఆ చేతినే తన చేతిలోకి తీసుకుంటుందన్నమాట. రాగిలో కొట్టిన నురుగుకు లేత పసుపు ఛాయ వస్తుంది. చూసి కంగారు పడకండి.

అయితే మనిళ్లలోని రాగిపాత్రలకు చాలావాటికి లోపల కళాయి ఉంటుంది. కళాయి ఉంటే తెల్లసొనకు రాగి తగలనే తగలదు, ఫలమూ ఉండదు. కళాయి లేని గిన్నెను వాడేముందు ఉప్పూ నిమ్మచెక్కా పెట్టి తోమి, బాగా కడిగి, పొడిబట్టతో తుడవాలి. చిలుము ఏమాత్రం ఉండరాదు. మరొక మాట: రాగిగిన్నెలో నిమ్మరసం గాని, క్రీం ఆఫ్ టార్టార్ గాని వెయ్యకండి. రాగిలో మజ్జిగ ఎందుకు పొయ్యమో మీకు తెలుసు కద. పులుపు రాగిని అవసరానికి మించి కరిగిస్తుంది.

ఇప్పుడు నాలుగు గుడ్ల లెక్క చెబుతాను. గుడ్లు చల్లగా ఉండగానే పగలగొడితే పచ్చసొన చిట్లకుండా విడివడుతుంది. ఒక్కొక్క తెల్లసొననూ ముందు చిన్నగిన్నెలోకి తీసి, పచ్చసొన చుక్కయినా పడలేదని చూసుకుని, తర్వాతే పెద్దగిన్నెలో పొయ్యండి. జిడ్డు పడితే నురుగు సరిగా లేవదు. దానికి పులుపూ మందు కాదు, రాగీ మందు కాదు. స్టీలు గిన్నె గాని గాజు గిన్నె గాని మంచిది. ప్లాస్టిక్ గిన్నె ఎంత కడిగినా జిడ్డు వదలదు.

అరగంట బయట ఉంచి కొట్టడం మొదలుపెట్టండి. పెద్ద బుడగలు రాగానే క్రీం ఆఫ్ టార్టార్ అయితే అరచెంచా, వడగట్టిన నిమ్మరసం అయితే రెండు చెంచాలు వెయ్యండి. చెంచా అంటే టీ చెంచా. పులుపు మొదట్లోనే పడాలి. పలుకులు కట్టాక వేస్తే ప్రయోజనం లేదు, పడిన ముడిని అది విప్పలేదు.

పులుపు వేశాక నురుగు లేవడం కాస్త ఆలస్యమవుతుంది. చెడిందని పారబొయ్యకండి. కవ్వం ఎత్తినప్పుడు నురుగు కొన వంగి పడితే, అప్పుడు రెండు వందల గ్రాముల మెత్తని పంచదారను చెంచా చెంచాగా వేస్తూ కొట్టండి. కొన నిలువుగా నిలిచి, నురుగు నిగనిగలాడితే వెంటనే ఆపండి. నిగారింపు తగ్గి, అంచుల దగ్గర దూదిపింజల్లా విడుతున్నదంటే హద్దు దాటిందన్నమాట. పులుపూ రాగీ ఆ హద్దును కొంత దూరం జరుపుతాయే గాని, లేకుండా చెయ్యవు.

తర్వాత నూనె రాయని కాగితం మీద చెంచాతో పెట్టి, ఓవెన్‌లో వంద డిగ్రీల సెల్సియస్ దగ్గర గంటన్నర ఉంచండి. ఆర్పాక తలుపు తెరవకుండా లోపలే చల్లారనివ్వండి. కాగితం నుంచి అంటుకోకుండా ఊడివస్తే సరిగా ఆరినట్లే. వానాకాలమైతే చల్లారగానే బిగుతైన డబ్బాలో పెట్టాలి. ఆరిన పంచదార గాలిలోని తేమను పీల్చుకుని మెత్తబడుతుంది. దానికి మాత్రం ఈ మూడింటిలో ఏదీ అడ్డుపడదు.