ఎంత తగ్గించారో సూటిగా రాయండి

ఆషాఢంలో పెళ్లిళ్లు ఉండవు, బేరాలు పడిపోతాయి. అందుకే బట్టల షాపుల ముందు తగ్గింపు బ్యానర్లు లేస్తాయి. వాటిలో ఒక లెక్క గమనించండి. 80 రూపాయల జాకెట్ ముక్క మీద ‘25 శాతం తగ్గింపు’ అని ఉంటుంది, ‘20 రూపాయలు తగ్గింపు’ అని ఉండదు. 8,000 రూపాయల పట్టుచీర దగ్గరికి వచ్చేసరికి 10 శాతం మాయమై, ‘800 రూపాయలు తగ్గింపు’ ప్రత్యక్షమవుతుంది. ధర వంద లోపైతే శాతం అంకె పెద్దది, వంద దాటితే రూపాయల అంకె పెద్దది. ఏది పెద్దదైతే అదే బ్యానర్ ఎక్కుతుంది. ఇంతవరకు వ్యాపారమే, తప్పు పట్టను. తప్పంతా దాచిన షరతులో ఉంది. ‘5,000 కొంటే 1,000 తగ్గింపు’ అంటే 20 శాతం అనుకుంటాం. కానీ బిల్లు 10,000 అయినా తగ్గేది ఆ వెయ్యే, అంటే 10 శాతం. 4,900 దగ్గర ఆగితే పైసా తగ్గదు. ‘50 శాతం వరకు’ అన్న బోర్డులో ‘వరకు’ చీమ తలకాయంత ఉంటుంది. సగం ధరకు వచ్చేవి ఓ మూల నాలుగు చీరలే కావచ్చు. ‘50+20’ అన్నది 70 కాదు, 60: వెయ్యి ఐదొందలై, ఆ ఐదొందల మీద మరో వంద తగ్గి 400 అవుతుంది. నిజాయితీ ఉన్న షాపు పాత ధర, తగ్గిన మొత్తం, కట్టాల్సిన ధర ఒకే సైజు అక్షరాల్లో రాయాలి. ‘వరకు’ అంటే, కనీస తగ్గింపు ఎంతో కూడా చెప్పాలి. ఇవి రాయని బ్యానర్‌ను నమ్మకండి, చివరికి కట్టేదెంతో అడిగి కొనండి.