సొమ్ము అగ్రరాజ్యాలది, నెత్తురు అఫ్ఘాన్, అంగోలాలది

అమెరికా, సోవియట్ యూనియన్ నాలుగు దశాబ్దాలకు పైగా బద్ధవైరులుగా బతికాయి. ఆ కాలమంతా ఒకదానిపై ఒకటి యుద్ధం ప్రకటించలేదు. ఇద్దరి దగ్గరా అణ్వాయుధాలు ఉన్నాయి. నేరుగా తలపడితే మాస్కో మిగలదు, వాషింగ్టన్ కూడా మిగలదు. అందుకని ఆ వైరం పేద దేశాలకు తరలిపోయింది. అక్కడ ముందే రగులుతున్న అంతర్యుద్ధంలో ఒక పక్షానికి ఒకరు, ఇంకో పక్షానికి మరొకరు డబ్బు, తుపాకులు, శిక్షణ ఇచ్చేవారు. పరోక్ష యుద్ధం అంటే ఇదే. అయితే అగ్రరాజ్యాలు తాళ్లు లాగితే స్థానికులు కీలుబొమ్మల్లా ఆడారని అనుకుంటే మాత్రం ఈ చరిత్ర సగమే అర్థమవుతుంది. అఫ్ఘానిస్థాన్, అంగోలాల్లో జరిగింది చూస్తే మిగతా సగం తెలుస్తుంది.

అఫ్ఘానిస్థాన్‌లో 1978 ఏప్రిల్‌లో కమ్యూనిస్టులు సైనిక తిరుగుబాటుతో అధికారంలోకి వచ్చారు. వాళ్లు హడావుడిగా తెచ్చిన భూసంస్కరణలు, సాగించిన అరెస్టులు, హత్యలు పల్లెల్లో తిరుగుబాటుకు దారితీశాయి. 1979 జులైలో అమెరికా అధ్యక్షుడు కార్టర్ తిరుగుబాటుదారులకు రహస్య సాయం మంజూరు చేశారు. అప్పటికది ఆయుధాలు లేని చిన్న సాయమే. ఆ డిసెంబరులో సోవియట్ సైన్యం కాబూల్‌లో దిగి, అధ్యక్షుడు హఫీజుల్లా అమీన్‌ను చంపి, బబ్రక్ కర్మాల్‌ను గద్దెనెక్కించింది. ఆనాటి నుంచి ఒక అగ్రరాజ్యం నేరుగా, మరొకటి చాటు నుంచి పోరాడాయి.

చాటు నుంచి పోరాడాలంటే ఆయుధం ఎవరు పంపారో తెలియకూడదు. అందుకే అమెరికా గూఢచార సంస్థ సీఐఏ మొదట్లో తమ దేశపు తుపాకులు పంపలేదు. ఈజిప్టు, చైనాల నుంచి సోవియట్ నమూనా ఆయుధాలనే కొన్నది. ముజాహిదీన్ల చేతిలో కలాష్నికోవ్ కనిపిస్తే శత్రువు నుంచి లాక్కున్నదే అనుకోవచ్చు కదా! అమెరికా పెట్టిన ప్రతి డాలరుకూ సౌదీ అరేబియా మరో డాలరు జత చేసింది. సరుకు కరాచీ రేవులో దిగేది. అక్కడి నుంచి పాకిస్థాన్ గూఢచార సంస్థ ఐఎస్ఐ దాన్ని రావల్పిండి దగ్గరి ఓఝ్రీ గిడ్డంగికి, ఆపైన పెషావర్, క్వెట్టాలకు చేర్చేది. ఆ గిడ్డంగి 1988 ఏప్రిల్ 10న పేలిపోతే రాకెట్లు రావల్పిండి, ఇస్లామాబాద్ జనం మీద వచ్చి పడ్డాయి.

ఈ గొలుసులో అసలు అధికారం ఎవరిదన్నదే కీలకం. ఆయుధాల పంపిణీ తమ చేతుల మీదుగానే జరగాలని పాకిస్థాన్ పాలకుడు జనరల్ జియా షరతు పెట్టారు. అమెరికా ఒప్పుకుంది. పెషావర్ కేంద్రంగా ఉన్న ఏడు పార్టీలను పాకిస్థాన్ గుర్తించింది. వాటిలో ఏదో ఒకదానిలో చేరితేనే తుపాకీ దొరికేది. అందరికంటే పెద్ద వాటా గుల్బుద్దీన్ హెక్మత్యార్‌కు దక్కింది. సోవియట్లతో ఎంతగా పోరాడాడో తోటి ముజాహిదీన్లతోనూ అంతగా కలహించిన మనిషి అతడు. అయినా తనకు అనుకూలంగా ఉండే కాబూల్ కావాలనుకున్న పాకిస్థాన్‌కు అతడే నచ్చాడు. డబ్బిచ్చినవాడు వాషింగ్టన్‌లో ఉంటే విజేతను ఎంచే పని రావల్పిండిలో జరిగింది. ఆ అధికారాన్ని అమెరికా తెలిసి తెలిసి వదులుకుందని నా అభిప్రాయం. చాటుగా ఉండటానికి అది చెల్లించిన మూల్యం అదే. దాని భారం మాత్రం అఫ్ఘాన్ల మీద పడింది.

1986లో ఆ చాటు కూడా తొలగింది. భుజం మీద నుంచి పేల్చే స్టింగర్ క్షిపణులను అమెరికా తన పేరుతోనే పంపింది. ఆ సెప్టెంబరులో జలాలాబాద్ దగ్గర అవి సోవియట్ హెలికాప్టర్లను కూల్చాయి. స్టింగర్లే యుద్ధాన్ని గెలిపించాయన్న మాట ఇప్పటికీ వినిపిస్తుంది. కానీ వెనక్కి వచ్చేయాలన్న నిర్ణయానికి గోర్బచేవ్ అంతకుముందే దగ్గరపడ్డారు. 1989 ఫిబ్రవరి 15న చివరి సోవియట్ దళం సరిహద్దు నది దాటింది. అప్పటికి యాభై లక్షల మందికి పైగా అఫ్ఘాన్లు పాకిస్థాన్, ఇరాన్‌లలో శరణార్థులు.

అంగోలాలో గొలుసు ఇంకా పొడవైనది. పోర్చుగల్‌లో 1974లో నియంతృత్వం కూలడంతో ఆ వలస దేశానికి స్వాతంత్ర్యం వచ్చే వేళ మూడు విమోచన పక్షాలు తమలో తాము కొట్టుకోసాగాయి. ఎంపీఎల్ఏకు సోవియట్ యూనియన్, క్యూబా అండగా నిలిచాయి. ఎఫ్ఎన్ఎల్ఏ, యునిటాలకు సీఐఏ డబ్బు అందింది. 1975 అక్టోబరులో వర్ణవివక్ష పాలనలోని దక్షిణాఫ్రికా సైన్యం సరిహద్దు దాటి వచ్చింది. దాన్ని ఆపడానికి క్యాస్ట్రో నవంబరులో క్యూబా దళాలను పంపారు. మాస్కోను ముందుగా అడగకుండానే ఆయన ఈ నిర్ణయం తీసుకున్నారని తర్వాత వెలుగుచూసిన పత్రాలు చెబుతున్నాయి. అంటే ఇక్కడ క్యూబాయే ముందడుగు వేసింది, పెద్దన్న వెనక వచ్చాడు.

ఆ తర్వాత జరిగింది వింటే నమ్మబుద్ధి కాదు. అప్పట్లో అంగోలా చమురు ప్రధానంగా కబిండా తీరంలో దొరికేది. దాన్ని తోడేది అమెరికా కంపెనీ గల్ఫ్ ఆయిల్, తర్వాత దాన్ని కొన్న షెవ్రాన్. అధికారం దక్కించుకున్న ఎంపీఎల్ఏ ఆ చమురు సొమ్ముతోనే యుద్ధం నడిపింది. ఆ చమురు స్థావరాలకు క్యూబా సైనికులు కాపలా కాశారు. 1985 మేలో వాటిని పేల్చేయడానికి వచ్చిన దక్షిణాఫ్రికా కమాండోల ప్రయత్నాన్ని అంగోలా సైనికులు భగ్నం చేశారు. అమెరికా కంపెనీ ఆస్తిని అమెరికా శత్రువులు కాపాడుతుంటే, దాన్ని పేల్చడానికి వచ్చినవాళ్లు అమెరికా త్వరలో మళ్లీ బలపరచబోయే పక్షానికి మిత్రులు. ఆ మరుసటి ఏడాదే యునిటా నేత జొనాస్ సవింబిని రీగన్ శ్వేతసౌధానికి పిలిచి, ఆయన సేనకూ స్టింగర్లు ఇచ్చారు.

1988 డిసెంబరులో కుదిరిన ఒప్పందంతో క్యూబా దళాలు అంగోలా నుంచి వెళ్లిపోవడానికి, దక్షిణాఫ్రికా నమీబియాను వదలడానికి అంగీకరించాయి. నమీబియా మార్పును పర్యవేక్షించిన ఐక్యరాజ్యసమితి సేనకు మన లెఫ్టినెంట్ జనరల్ దీవాన్ ప్రేమ్‌చంద్ నాయకత్వం వహించారు.

పోషకులు చేతులు దులుపుకున్నాక ఈ రెండు దేశాల దారులు వేరయ్యాయి. ఒక యుద్ధం ఎంతవరకు పరాయిదో, ఎంతవరకు సొంతదో తేలేది సరఫరా ఆగినప్పుడే. సోవియట్ సైన్యం వెళ్లగానే, కాబూల్‌లో కర్మాల్ తర్వాత వచ్చిన నజీబుల్లా ప్రభుత్వం కూలుతుందని చాలామంది లెక్కవేశారు. కూలలేదు. 1989లో జలాలాబాద్‌పై ముజాహిదీన్ల దాడిని అది తిప్పికొట్టింది కూడా. మాస్కో నుంచి ఇంధనం, ధాన్యం, మిలీషియాలకు పంచే డబ్బు వచ్చినంతకాలం నిలబడింది. 1992 జనవరి నుంచి రెండు అగ్రరాజ్యాలూ ఆయుధాలు ఆపేశాయి. జీతాలందని ఉత్తరాది మిలీషియా నేత దోస్తుం ఫిరాయించాడు. ఏప్రిల్‌లో నజీబుల్లా పడిపోయాడు. ఆ తర్వాత కాబూల్‌ను నేలమట్టం చేసిన రాకెట్లలో ఎక్కువ భాగం హెక్మత్యార్‌వే.

సవింబి విషయంలో సరఫరా ఆగినా యుద్ధం ఆగలేదు. 1992 ఎన్నికల్లో వెనకబడగానే ఆయన మళ్లీ తుపాకీ పట్టాడు. మరుసటి ఏడాది అమెరికా లువాండాలోని ఎంపీఎల్ఏ ప్రభుత్వాన్ని గుర్తించింది. అయినా ఈశాన్య అంగోలా వజ్రాల గనులు ఆయన చేతిలో ఉన్నాయి. ఆ వజ్రాలు అమ్మి అంతర్జాతీయ బజారులో ఆయుధాలు కొన్నాడు. 1998లో ఐక్యరాజ్యసమితి ఆ వజ్రాలపై ఆంక్షలు పెట్టాక కొనేవాళ్లు తగ్గారు, ప్రభుత్వ సేనలు ఒక్కో స్థావరాన్నీ పట్టుకున్నాయి. 2002 ఫిబ్రవరి 22న తూర్పు అంగోలాలో ప్రభుత్వ సైనికుల తూటాలకు సవింబి చనిపోయాడు. ఆరు వారాల్లో కాల్పుల విరమణ కుదిరింది. సోవియట్ యూనియన్ కనుమరుగై అప్పటికి పదేళ్లు దాటింది.