5 శాతం వడ్డీ నిజంగా 5 శాతమేనా?

గతేడాది ఆఫీసులో కన్వర్టిబుల్ బాండ్ల లెక్క చేసే కోడ్ ఒకటి రాశాను. రన్ చేస్తే ఈక్విటీ భాగం సున్నా అని వచ్చింది. రెండు రోజులు వెతికినా కోడ్‌లో తప్పు దొరకలేదు. ఎందుకంటే తప్పు నా బుర్రలో ఉంది.

కన్వర్టిబుల్ బాండ్ అంటే కంపెనీ చేసే అప్పే. కాకపోతే బాండ్ కొన్నవాళ్లు గడువు తీరాక డబ్బు తీసుకోవచ్చు, వద్దనుకుంటే ముందే ఒప్పుకున్నన్ని షేర్లు తీసుకోవచ్చు. అంటే ఒకే కాగితంలో మామూలు అప్పు, దానితోపాటు షేర్ల హక్కు. బాండ్ జారీ చేసిన రోజే ఈ రెండింటినీ విడదీసి రాయాలంటుంది మన ఇండ్ ఏఎస్ 32.

ఒక కంపెనీ రూ.100 కోట్ల బాండ్లు ఇచ్చిందనుకుందాం. గడువు 3 ఏళ్లు, ఏటా 5 శాతం వడ్డీ. షేర్ల హక్కు లేకుండా అడిగితే ఇదే కంపెనీకి 10 శాతానికి తక్కువ ఎవరూ అప్పివ్వరు. కాబట్టి కట్టాల్సిన డబ్బుల ఇవాళ్టి విలువను 10 శాతంతోనే లెక్కగట్టాలి:

```
5/1.10 + 5/1.10^2 + 105/1.10^3 = 87.57
```

రూ.87.57 కోట్లు అప్పు. వచ్చిన 100లో మిగిలిన రూ.12.43 కోట్లు ఈక్విటీ. ఎప్పుడూ ముందు అప్పు తేల్చాలి, మిగిలిందే ఈక్విటీ. నేనేమో 10కి బదులు బాండ్ మీదున్న 5 శాతమే వాడాను. అలా చేస్తే అప్పు కచ్చితంగా 100 వస్తుంది, ఈక్విటీకి ఏమీ మిగలదు. మీకూ సున్నా వస్తే ముందు చూడాల్సింది రేటునే.

అసలు కథ తర్వాత మొదలవుతుంది. మొదటి ఏడాది కంపెనీ చేతి నుంచి వెళ్లేది 5 కోట్లే. కానీ ఖాతాలో వడ్డీ ఖర్చు 87.57 మీద 10 శాతం, అంటే 8.76 కోట్లు. కట్టని 3.76 కోట్లు అప్పుకి కలుస్తాయి, అది 91.32 అవుతుంది. మూడో ఏడాది చివరికి సరిగ్గా 100కి చేరుతుంది. చవగ్గా కనిపించిన 5 శాతం వెనక ఉన్న అసలు ఖర్చు ఇలా లాభంలోంచి ఏటా కోతపడుతుంది. ఆ 12.43 మాత్రం కదలదు. షేరు ధర ఎంత పెరిగినా, చివరికి ఎవరూ షేర్లు తీసుకోకపోయినా అది లాభంలోకి రాదు, ఈక్విటీలోనే ఉంటుంది.

ఇదంతా షేర్ల సంఖ్య, వాటికిచ్చే మొత్తం రెండూ ముందే ఖరారైతేనే. 'ఆ రోజు ధర ప్రకారం ఇన్ని కోట్ల విలువైన షేర్లిస్తాం' అని రాసుంటే ఆ హక్కు ఈక్విటీ కాదు, అదీ అప్పు వైపుకే పోతుంది. డాలర్లలో ఇచ్చే బాండ్లకి రూపాయి విలువ మారుతుంటుంది కదా అనొచ్చు. అంతర్జాతీయ రూల్ అయిన ఐఏఎస్ 32 దగ్గర అది పేచీయే. మన రూల్ మాత్రం ధర ఏ కరెన్సీలో ఖరారైనా ఈక్విటీగా ఒప్పుకుంటుంది. అమెరికాలోనైతే 2020లో రూల్ మార్చేశారు, ఇప్పుడక్కడ ఇలాంటి బాండ్‌ని చాలావరకు విడదీయకుండా మొత్తం అప్పుగానే రాస్తారు. అందుకే ఒక అమెరికా కంపెనీనీ మన కంపెనీనీ పక్కపక్కన పెట్టి వడ్డీ ఖర్చు పోల్చేటప్పుడు నేనిప్పుడు ముందుగా నోట్స్ తెరుస్తున్నాను.